మూడు హిస్టరీ పేపర్లు, ఒక బటర్ పేపర్ రోల్: ఒక సప్లీ రివిజన్ కేసు

బీఆర్క్ మూడో ఏడాది అమ్మాయి. డిజైన్ స్టూడియోలో మంచి చెయ్యి, మోడల్స్ బాగా చేస్తుంది. కానీ హిస్టరీ ఆఫ్ ఆర్కిటెక్చర్ మూడు పేపర్లూ మిగిలిపోయాయి. సప్లిమెంటరీ టైమ్‌టేబుల్ పడితే మూడూ ఒకే వారంలో వచ్చాయి. చేతిలో ఉన్న సమయం నాలుగు వారాలు. మొదటి పేపర్ ఈజిప్టు నుంచి గోథిక్ దాకా, రెండోది సింధు నాగరికత నుంచి మొఘలుల దాకా, మూడోది రినైసాన్స్ నుంచి పోస్ట్‌మోడర్న్ దాకా. అంటే దాదాపు 4,700 ఏళ్ల చరిత్ర.

నేను ఈ సబ్జెక్టే చెబుతాను. పరీక్షల ముందు ఇలాంటి పిల్లలు వస్తూనే ఉంటారు. ఈ కేసు రాయడానికి కారణం, ఆమె చేసిన తప్పులన్నిటికీ మూలం ఒక్కటే కావడం, దాన్ని సరిచేసే క్రమం బాగా స్పష్టంగా కనబడటం.

మొదటి రోజు తేలింది

నోట్సు చూపించమనలేదు. తెల్లకాగితం ఇచ్చి, "గుర్తున్న కట్టడాలన్నీ పాతవి ముందు, కొత్తవి తర్వాత, వరసలో రాయి. సంవత్సరాలు వద్దు" అన్నాను. ముప్పైకి పైగానే పేర్లు రాసింది. కాబట్టి పేర్లు గుర్తులేకపోవడం ఆమె సమస్య కాదు. వరస చూస్తే అసలు సంగతి బయటపడింది.

హేగియా సోఫియాని కుతుబ్ మినార్ తర్వాత పెట్టింది. ఎందుకని అడిగితే, "మేడమ్, దానికి మినార్లున్నాయి కదా, ఇస్లామిక్ కిందే వస్తుందనుకున్నా" అంది. ఆ మినార్లు 1453లో ఒట్టోమన్లు కాన్‌స్టాంటినోపుల్‌ని పట్టుకున్నాక చేర్చినవి. అసలు చర్చి 537లో పూర్తయింది. ఎల్లోరా కైలాసాన్ని తంజావూరు పక్కన, చోళుల ఖాతాలో వేసింది, ఎందుకంటే రెంటికీ ద్రావిడ శిఖరమే. ఫతేపూర్ సిక్రీని తాజ్‌మహల్ తర్వాత రాసింది, కారణం నోట్సులో సిక్రీ పేజీ తర్వాత ఉండటమే. గ్రీకుల పార్థినాన్, రోమన్ల పాంథియాన్ తారుమారు కావడం మామూలే, ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటుంది.

ఇవి మతిమరుపు వల్ల వచ్చిన తప్పులు కావు. ప్రతిదానికీ ఆమె దగ్గర ఒక లెక్క ఉంది. ఆకారం చూసి కాలం ఊహిస్తోంది. ఊహకి ఆధారం తప్పైనప్పుడు, పక్కన "537" అని ఎన్నిసార్లు వల్లెవేసినా అది నిలవదు. రెండు రోజుల్లో అంకె పోయి, ఊహే మిగులుతుంది. పైగా మూడు పేపర్లనీ మూడు వేర్వేరు ప్రపంచాల్లా చదివింది. పారిస్ నోత్ర్‌దామ్‌కి పునాది పడ్డప్పుడు హనుమకొండలో ఏం జరుగుతోందని అడిగితే ఆ ప్రశ్నే వింతగా అనిపించింది ఆమెకి.

470 సెంటీమీటర్లు

మొదటి వారం నోట్సు తెరవనివ్వలేదు. ఆర్కిటెక్చర్ పిల్లలందరి దగ్గరా ఉండే బటర్ పేపర్ రోల్ నుంచి పొడవాటి పట్టీలు మూడు కత్తిరించాం, ఒక్కోటి జానెడు వెడల్పు. స్కేలు: ఒక సెంటీమీటరుకి పదేళ్లు. సున్నా దగ్గర క్రీ.పూ. 2700, చివర క్రీ.శ. 2000. మొత్తం 470 సెంటీమీటర్లు. ఒక పట్టీ యూరప్, ఈజిప్టు, పశ్చిమాసియాలకి, రెండోది ఇండియాకి, మూడోది ఖాళీగా.

బిందువు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి లెక్క సులువు. క్రీస్తుశకం అయితే ఏడాదికి 2700 కలిపి పదితో భాగించాలి. క్రీస్తుపూర్వం అయితే 2700లోంచి ఆ ఏడాది తీసేసి పదితో భాగించాలి. ఖుఫూ పిరమిడ్ సుమారు క్రీ.పూ. 2560, అంటే 14 సెం.మీ. దగ్గర. పార్థినాన్ క్రీ.పూ. 447, అంటే 225. పాంథియాన్ సుమారు క్రీ.శ. 125, అంటే 282. చార్మినార్ 1591, అంటే 429. సున్నా సంవత్సరం లేదు కాబట్టి లెక్కలో ఏడాది తేడా వస్తుంది, ఈ స్కేలులో అది మిల్లీమీటరు, పట్టించుకోనక్కర్లేదు.

అంకెలు ఆమె చేతే వేయించాను. 225 దగ్గర పార్థినాన్ పెట్టి తల ఎత్తి చూసింది. పట్టీ దాదాపు సగం అయిపోయింది. ఖుఫూ నుంచి పార్థినాన్ దాకా ఉన్న దూరం 211 సెంటీమీటర్లు. పార్థినాన్ నుంచి మన చార్మినార్ దాకా ఉన్న దూరం 204. పిరమిడ్లూ గ్రీకు గుడులూ "ప్రాచీనం" అనే ఒకే అధ్యాయంలో ఉండటంతో అవి ఇరుగుపొరుగు అనుకుంది. గ్రీకులకి పిరమిడ్ ఎంత పాతదో, చార్మినార్ కట్టినవాళ్లకి పార్థినాన్ దాదాపు అంత పాతది. ఈ ఒక్క కొలత తర్వాత ఈజిప్టు, గ్రీసు ఆమెకి మళ్లీ కలగాపులగం కాలేదు.

పట్టీ మీద మొదట పెట్టినవి పద్నాలుగు మేకులు మాత్రమే. మేకు అంటే ఏ సందేహం వచ్చినా వెనక్కొచ్చి పట్టుకునే కట్టడం. ఖుఫూ, మొహెంజదారో, పార్థినాన్, సాంచి, పాంథియాన్, హేగియా సోఫియా, ఎల్లోరా కైలాసం, తంజావూరు, సెయింట్ డెనిస్, ఫ్లోరెన్స్ డోమ్, తాజ్, క్రిస్టల్ ప్యాలెస్, డెసావులోని బౌహౌస్, చండీగఢ్. మిగిలినవన్నీ వీటికి ముందో వెనకో. హేగియా సోఫియా లాంటిదానికి చుక్క చాలదు, గీత కావాలి. 537లో మొదలై, 558లో డోమ్ కూలిన గుర్తు, 562లో మళ్లీ నిలబడ్డ గుర్తు, 1453 దగ్గర చిన్న మినారు బొమ్మ. ఆ మినారు బొమ్మతోనే ఆమె మొదటి తప్పు పోయింది.

బటర్ పేపర్ ఎందుకంటే అది పారదర్శకం. ఇండియా పట్టీని యూరప్ పట్టీ మీద పరిస్తే కింద ఉన్నది కనిపిస్తుంది. వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది, నోత్ర్‌దామ్ పునాది కూడా 1163. రెండు చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గోల్ గుంబజ్ 1656లో ముగిసింది, రోమ్‌లో బెర్నిని సెయింట్ పీటర్స్ ముందరి స్తంభాల వరుసని మొదలుపెట్టింది కూడా 1656లోనే. ఇలాంటి జంటలు పరీక్షలో ప్రశ్నగా రావు. కానీ ఒక తేదీ గుర్తుంటే రెండోది ఉచితంగా వస్తుంది, రెండు పేపర్లకీ పనికొస్తుంది.

చుక్కల మధ్య కారణం

రెండో వారం పని గొలుసులు. ఒక కట్టడం తర్వాత ఇంకొకటి ఎందుకొచ్చిందో చెప్పగలిగితే వరస తప్పడం కష్టం. అన్నిటికీ గొలుసు కుదరదు, బలవంతంగా కుదర్చకూడదు. కుదిరినచోట మాత్రం అది తేదీ కన్నా గట్టిది.

ఎల్లోరా తప్పుని ఇలా సరిచేశాం. కంచిలో పల్లవుల కైలాసనాథ గుడి 8వ శతాబ్దం మొదట్లోది. బాదామి చాళుక్య రాజు రెండో విక్రమాదిత్యుడు కంచిని గెలిచాడు. ఆ గెలుపు గుర్తుగా ఆయన రాణి లోకమహాదేవి పట్టడకల్‌లో విరూపాక్ష గుడి కట్టించింది, సుమారు 740. దాని మీద కంచి ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. కొన్నేళ్లకే, 753 ప్రాంతంలో, రాష్ట్రకూటులు చాళుక్యుల్ని పడగొట్టారు. రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడి కాలంలో ఎల్లోరాలో కొండని పైనుంచి కిందికి తొలిచి కైలాసం చేశారు. అది పట్టడకల్ విరూపాక్షానికి దగ్గరి చుట్టం. కంచి, పట్టడకల్, ఎల్లోరా: మూడు రాజవంశాలు, రెండు యుద్ధాలు, డెబ్బై ఏళ్ల లోపు. తంజావూరు పూర్తయింది 1010లో, ఇంకో రెండున్నర శతాబ్దాల తర్వాత. ఈ కథ ఒకసారి విన్నాక ఎల్లోరాని చోళులకి కట్టబెట్టడం ఆమె వల్ల కాలేదు.

మొఘలులకి రంగు గొలుసు చాలింది. హుమాయూన్ సమాధి, సుమారు 1570, ఎర్రరాయి మధ్య తెల్ల పాలరాతి గీతలు. ఫతేపూర్ సిక్రీ, 1571 నుంచి, దాదాపు అంతా ఎర్రరాయి. ఇతిమాద్ ఉద్ దౌలా సమాధి, 1620లు, పూర్తిగా పాలరాయి, చిన్నది. ఆ తర్వాత 1632లో తాజ్ మొదలు. మొదటి రెండూ ఎరుపు, చివరి రెండూ తెలుపు. ఈ గొలుసు మొఘల్ కట్టడాలన్నిటికీ వర్తించదు. దీంతో ఢిల్లీ ఎర్రకోటని తేదీ కట్టబోతే తప్పుతారు. ఈ నాలుగింటికి మాత్రం ఇది చాలు.

గోథిక్‌కి ఫ్రాన్స్ చర్చిల ఎత్తు గొలుసు. సెయింట్ డెనిస్ గాయనశాల 1144. తర్వాత నోత్ర్‌దామ్, 1194 అగ్నిప్రమాదం తర్వాత మళ్లీ కట్టిన షార్త్ర్, 1220లో మొదలైన అమియాఁ. లోపలి రాతి కప్పు అయిన వాల్ట్ ఎత్తు ఒకదాన్ని మించి ఒకటి, అమియాఁ దగ్గరికి వచ్చేసరికి 42 మీటర్లు. బోవే 48 మీటర్ల దాకా పోయి 1284లో కూలింది. ఎత్తు పెరిగిన కొద్దీ తేదీ పెరుగుతుంది, చివర ఒక కూలడంతో ఆగుతుంది.

అన్నిట్లో ఎక్కువసేపు కూర్చున్నది డోమ్ గొలుసు మీద, ఎందుకంటే అది మూడు పేపర్లనీ తాకుతుంది. ఆమె చేత దాన్ని ప్రశ్నల వరసగా చెప్పించాను. పాంథియాన్‌లో గుండ్రటి డోమ్ కింద గుండ్రటి గోడ, వ్యాసం 43 మీటర్ల పైచిలుకు, నేల నుంచి డోమ్ నడినెత్తిన ఉన్న గుండ్రటి కన్నం దాకా ఎత్తూ అంతే. కాబట్టి కట్టడాన్ని నిలువుగా కోసినట్టు గీసే సెక్షన్‌లో ఒక పూర్తి గోళం పడుతుంది. గోడ మందంగా ఉండి బరువు మోస్తుంది. మరి కింద గది చతురస్రం కావాలంటే? హేగియా సోఫియాలో ఆంథీమియస్, ఇసిడోరస్ దానికి జవాబిచ్చారు: నాలుగు ఆర్చ్‌ల మధ్య త్రికోణపు వంపు ముక్కలు, పెండెంటివ్‌లు, వాటి మీద 31 మీటర్ల డోమ్. తూర్పు పడమరల తోపుడుని సగం డోమ్‌లు తీసుకున్నాయి. ఉత్తర దక్షిణాల్లో అలాంటి ఆసరా లేదు. డోమ్ చదునుగా ఉండటంతో తోపుడు ఎక్కువైంది, భూకంపాల తర్వాత 558లో ఒక భాగం కూలింది. చిన్న ఇసిడోరస్ దాన్ని దాదాపు 6 మీటర్లు ఎత్తు పెంచి కట్టాడు, ఎత్తు పెరిగితే పక్కకి తోపుడు తగ్గుతుంది కాబట్టి.

తర్వాతి ప్రశ్న: కింద చట్రం పెట్టకుండా కట్టగలమా? ఫ్లోరెన్స్‌లో బ్రునెలెస్కి, 1420 నుంచి 1436. అష్టకోణం, రెండు పొరలు, ఇటుకల్ని చేపముల్లు లాంటి హెరింగ్‌బోన్ వరసలో పేర్చి. ఆ పైన: లోపలినుంచి చూస్తే గది కొలతకి తగ్గ కప్పు, బయటినుంచి చూస్తే దూరానికి కనిపించే గుమ్మటం, రెండూ కావాలంటే? మధ్యలో ఖాళీ వదిలిన డబుల్ డోమ్. హుమాయూన్ సమాధిలో అది కనిపిస్తుంది, తాజ్‌లో మరీ స్పష్టం. ఫ్లోరెన్స్ రెండు పొరలూ, తాజ్ రెండు డోమ్‌లూ ఒకటే అని రాసేవాళ్లు చాలామంది. మొదటిదాంట్లో పొరలు కలిసి ఒకే నిర్మాణంగా పనిచేస్తాయి, రెండోదాంట్లో లోపలిదీ బయటిదీ వేర్వేరు. ఈ తేడా సెక్షన్ గీస్తే తప్ప తెలీదు, అందుకే గీయించాను.

మొండి తేదీలకి కటపయాది

గొలుసుకి చిక్కనివి కొన్ని మిగులుతాయి. వాటికి అక్షరాల్ని అంకెలుగా చదివే మన పాత పద్ధతి, కటపయాది, వాడాం. సంగీతం నేర్చుకున్నవాళ్లకి తెలుసు: క నుంచి ఞ దాకా 1 నుంచి 9, తర్వాత 0. ట నుంచి న దాకా మళ్లీ అంతే. ప నుంచి మ దాకా 1 నుంచి 5. య నుంచి హ దాకా 1 నుంచి 8. గుణింతాన్నీ, అక్షరం పక్కన వచ్చే సున్నానీ లెక్కలోకి తీసుకోం. వత్తు ఉంటే చివరి హల్లుకే విలువ. మేళకర్త రాగాల సంఖ్య పేరులోంచి తీసేటప్పుడు అంకెల్ని వెనక నుంచి చదువుతారు: మాయామాళవగౌళలో మా 5, యా 1, తిప్పితే 15. పరీక్ష హాల్లో తిప్పడం తికమక పెడుతుందని మేం ముందు నుంచే చదివాం. రెండో సహస్రాబ్ది తేదీలకే వాడాం కాబట్టి ముందున్న 1ని వదిలేశాం, మూడక్షరాల మాట చాలు.

చార్మినార్ 1591. మధుపం: మ 5, ధు 9, పం 1. మినారు మీద తుమ్మెదలు ముసిరినట్టు ఊహించుకుంది. తాజ్ 1632. తగరం: త 6, గ 3, రం 2. మొదటి అక్షరం కూడా కలిసింది. క్రిస్టల్ ప్యాలెస్ 1851. దశకం: ద 8, శ 5, కం 1. దశకం పట్టే పని నెలల్లో ముగించారని కలిపి గుర్తుపెట్టుకుంది. ఫ్లోరెన్స్ డోమ్ 1436. వలచి: వ 4, ల 3, చి 6.

రామప్ప 1213 దగ్గర ఒక పాఠం ఉంది. ఆమె తనంతట తాను కట్టిన మాట "రాయల". రా 2, య 1, ల 3, లెక్క సరిగ్గా ఉంది. మర్నాడు అడిగితే రామప్పని విజయనగరం పక్కన, 1500ల్లో పెట్టింది. మాట అంకెని ఇచ్చింది, కానీ మనసుని కృష్ణదేవరాయల దగ్గరికి లాక్కుపోయింది. దాని బదులు రాపిడి పెట్టాం: రా 2, పి 1, డి 3. రామప్ప మదనికల నల్లరాతి నునుపు చూసినవాళ్లకి ఆ మాట ఊరికే అతుక్కుంటుంది. మాట ఇంకో కాలాన్నో ఇంకో రాజునో గుర్తుచేస్తే, లెక్క ఎంత బాగా కుదిరినా పారేయాలి.

ఇలాంటివి పదికి మించనివ్వలేదు. మించితే మాటల్నే బట్టీ పట్టాల్సి వస్తుంది. ఈ పద్ధతి విఫలమైతే ఎలా తెలుస్తుందంటే, "మధుపం" అనగానే 591 వస్తుంది కానీ ఏ కట్టడమో రాదు. మాటని కట్టడం బొమ్మతో ముడివేయలేదని అర్థం.

శతాబ్దాల లెక్క గురించి కూడా ఒక మాట. 1163 పన్నెండో శతాబ్దం, 1213 పదమూడో శతాబ్దం. తేదీ సరిగ్గా గుర్తుండి, "12వ శతాబ్దపు రామప్ప" అని రాసి మార్కు పోగొట్టుకునేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. క్రీస్తుపూర్వంలో అయితే ఇంకా తమాషా: 447 ఐదో శతాబ్దం, అందులోనూ రెండో సగం. పట్టీ మీద ప్రతి వందేళ్లకీ, అంటే ప్రతి పది సెంటీమీటర్లకీ, శతాబ్దం అంకె పెన్సిల్‌తో రాయించాను.

రోజువారీ పని

పొద్దున పుస్తకం ముట్టకముందే రఫ్ కాగితం మీద పట్టీని గుర్తున్నంత గీయాలి, పద్నాలుగు మేకులూ, వాటి మధ్య ఏవి గుర్తొస్తే అవి. తర్వాత అసలు పట్టీతో పోల్చి తప్పినవి ఎర్ర పెన్నుతో దిద్దాలి. సాయంత్రం రెండు కట్టడాల ప్లాన్, సెక్షన్ చూడకుండా గీయాలి. మధ్యలో చదువు.

కార్డులు నలభై ఎనిమిది చేసింది. ముందువైపు పేరు లేదు, ప్లాన్ మాత్రమే. వెనక పేరు, కాలం, ఊరు, ఎవరు కట్టించారు, ఒక్క నిర్మాణ విశేషం. పేరు ముందు రాస్తే మెదడు పేరుని చదివి "తెలుసులే" అనుకుని దాటేస్తుంది. ప్లాన్ చూసి పేరు చెప్పగలిగితేనే తెలిసినట్టు. పార్థినాన్, పాంథియాన్ తికమక పోయింది ఇక్కడే. ఒకటి దీర్ఘచతురస్రం, ముందు 8 స్తంభాలు, పక్కన 17. రెండోది గుండ్రం, ముందు వాకిలి. పక్క స్తంభాలు ముందువాటికి రెట్టింపు కన్నా ఒకటి ఎక్కువ అని పెట్టుకుంటే పార్థినాన్ ప్లాన్ చేతికి దానంతట అదే వస్తుంది. మూలస్తంభాల్ని రెండువైపులా లెక్కపెట్టాలి, అది మరిచిపోతే పక్కన 15 గీస్తారు.

కార్డుల్ని మూడు కట్టలు చేసి రబ్బరు బ్యాండ్లు వేసింది. తప్పినవి రోజూ, ఒకసారి సరిగ్గా చెప్పినవి మూడు రోజులకోసారి, వరసగా సరిగ్గా వస్తున్నవి వారానికోసారి. తప్పితే ఏ కట్టలోదైనా రోజువారీ కట్టకి తిరిగొస్తుంది. వారాంతంలో అన్నిటినీ కలిపి, నేల మీద కాలం వరసలో పరవడం. ఇక్కడ తప్పుల సంఖ్య కన్నా తప్పు దూరం చూడాలి. షార్త్ర్, అమియాఁ అటూ ఇటూ అయితే పరీక్షలో ఏ నష్టం లేదు. రెండొందల ఏళ్లు దూకిన కార్డు ఉంటే దాని వెనక ఇంకా పాత ఊహ బతికి ఉన్నట్టు. రెండో వారాంతంలో ఆమెకి అలా దూకినవి మూడు: కోణార్క్, అలై దర్వాజా, డర్‌హమ్. మూడిటినీ దేనికీ ముడివేయలేదు. కోణార్క్‌ని రామప్పకి ముడిపెట్టాం, ఒక తరం తర్వాత, 1250 ప్రాంతం. అలై దర్వాజా 1311, బోవే కూలిన తరం. డర్‌హమ్ 1093, సెయింట్ డెనిస్‌కి యాభై ఏళ్ల ముందు, రిబ్ వాల్ట్ అప్పటికే వచ్చేసింది, ఆర్చ్‌లు ఇంకా చాలావరకు గుండ్రమే.

ఈజిప్టు తేదీలు పుస్తకానికో రకంగా ఉంటాయి, పదుల ఏళ్ల తేడాతో. ఒక పుస్తకం పట్టుకుని దాన్నే అనుసరించమన్నాను, ముందు "సుమారు" రాయమన్నాను. అక్కడ వరసే ముఖ్యం: సక్కారా మెట్ల పిరమిడ్, దాని తర్వాత దహ్షూర్‌లో సగంలో వాలు 54 డిగ్రీల నుంచి 43కి తగ్గించుకున్న వంగిన పిరమిడ్, ఆ తర్వాత ఖుఫూ.

మూడో పేపర్, వేరే స్కేలు

మూడో వారం చిక్కొచ్చింది. 1850 నుంచి 1980 దాకా పెద్ద పట్టీ మీద పదమూడు సెంటీమీటర్లే, సిలబస్‌లో మాత్రం సగం పేపర్ అదే. చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి నల్లమచ్చ అయింది. అందుకే ఆ ముక్కకి ఖాళీగా ఉంచిన మూడో పట్టీ తీశాం, ఈసారి సెంటీమీటరుకి ఒక్క ఏడాది.

ఇక్కడ గొలుసులు బలహీనం, ఎందుకంటే ఒకే సమయంలో అయిదారు దారులు నడుస్తున్నాయి. దాంతో గొలుసు బదులు నిలువుకోత తీసుకున్నాం. 1931 దగ్గర స్కేలు అడ్డంగా పెట్టి చూడమన్నాను. ఫిబ్రవరిలో లుట్యెన్స్, బేకర్‌ల న్యూఢిల్లీ ప్రారంభం. మేలో న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్. అదే ఏడు పారిస్ బయట ల కార్బూజియే విల్లా సవోయ్ పూర్తి. ఒకటి సామ్రాజ్యపు క్లాసికల్, ఒకటి ఆర్ట్ డెకో ఆకాశహర్మ్యం, ఒకటి పిలోటీలనే సన్నని స్తంభాల మీద నిలబడ్డ తెల్లపెట్టె. "మేడమ్, ఇవి మూడూ ఒకే ఏడాదా?" అని పట్టీ మళ్లీ చూసుకుంది. శైలులు ఒకదాని తర్వాత ఒకటి వరసలో వస్తాయనుకున్న పిల్లలకి ఈ కోత అవసరం. ఇలాంటి కోతలే 1889లోనూ, 1926లోనూ, 1972లోనూ వేసింది: ఐఫెల్ టవర్, డెసావు బౌహౌస్, సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్ ఐగో ఇళ్ల సముదాయం కూల్చివేత మొదలు.

పరీక్ష, మిగిలిపోయినవి

ఆఖరి వారం కొత్తగా ఏమీ చదవలేదు. పాత ప్రశ్నపత్రాల్లోంచి పెద్ద ప్రశ్న తీసుకుని, ముందు బొమ్మలు, తర్వాత రాత. "డోమ్ నిర్మాణ పరిణామం వివరించండి" అన్నదానికి మొదట గోళం పట్టే పాంథియాన్ సెక్షన్, పెండెంటివ్ ఐసోమెట్రిక్, హేగియా సోఫియా ప్లాన్, ఫ్లోరెన్స్ రెండు పొరల కోత. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు, బొమ్మ పక్కనే కాలం. నాలుగు బొమ్మలు పడ్డాక రాత వాటిని వివరించడమే. బొమ్మ ఆలస్యమైతే ఎక్కడ ఆగిందో చూసేదాన్ని. పెండెంటివ్ దగ్గర చెయ్యి ఆగిందంటే ఆమెకి అక్కడ బలం ఎటు పోతుందో ఇంకా తెలీదని లెక్క. ఆ ఒక్కటి థర్మోకోల్ బంతిని కోసి చూపించాల్సి వచ్చింది: సగం బంతిని నాలుగువైపులా నిలువుగా కోసి, మిగిలిన ఆర్చ్‌ల పైభాగాన్ని అడ్డంగా కోస్తే మూలల్లో మిగిలే త్రికోణాలే పెండెంటివ్‌లు.

మూడు పేపర్లూ పాసైంది. రెండోదాంట్లో మార్కులు బాగా వచ్చాయి, మొదటిదాంట్లో బొటాబొటి. కారణం తెలిసిందే. మొదటి పేపర్‌లో చైనా, జపాన్‌లది ఒక యూనిట్ ఉంది. నాలుగు వారాల్లో అన్నీ పట్టవని దాన్ని లెక్క చూసుకునే వదిలేశాం, ఆ యూనిట్ నుంచి తప్పనిసరి ప్రశ్న వచ్చింది. పోల్చమని అడిగే ప్రశ్నలకి కూడా పట్టీ పెద్దగా సాయపడదు. ఏది ముందో చెబుతుంది, గ్రీకు గుడికీ రోమన్ గుడికీ తేడా ఏంటో చెప్పదు. దానికి ప్లాన్‌లు పక్కపక్కన గీయడమే దారి.

ఇప్పుడొచ్చే పిల్లలకి జపాన్ కూడా పట్టీ మీద పెట్టిస్తున్నాను. హోర్యూజీ సులువు, ఏడో శతాబ్దం, నిలిచి ఉన్న చెక్క కట్టడాల్లో అతి పాతదని పేరు. ఇసె మందిరం దగ్గర మాత్రం అందరూ ఆగిపోతారు, దాన్ని ఇరవై ఏళ్లకోసారి పక్క స్థలంలో కొత్తగా కడతారు కాబట్టి. చివరిసారి కట్టింది 2013లో. అంటే కట్టడం కొత్తది, రూపం వెయ్యేళ్లకి పైగా పాతది. దానికి చుక్క పెట్టనివ్వను. ఏడో శతాబ్దం చివర నుంచి పట్టీ అంచు దాకా రెండు సెంటీమీటర్లకో చిన్న అడ్డగీత గీయమంటాను, మధ్యలో 15, 16 శతాబ్దాల్లో యుద్ధాల వల్ల ఈ పని వందేళ్లకు పైగా ఆగింది కాబట్టి అక్కడ ఖాళీ వదలమంటాను.